‘కొంచెం సర్దండి సార్’ అంటే సరిపోదు.. అంకె చెప్పండి!

‘సార్, నాన్నకి సీరియస్‌గా ఉంది. హాస్పిటల్‌లో చేర్చాం. కంపెనీ తరఫున ఏమైనా సర్దుబాటు చేయగలరా? ప్లీజ్ సార్, చాలా అర్జెంట్.’

ఇంట్లో ఒకరు ఆస్పత్రి పాలైతే మనలో చాలామంది ఆఫీసుకు పంపే మెసేజ్ ఇదే. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ అవతల చదివే మేనేజర్‌కు దాంతో చేయడానికి కూడా ఏమీ లేదు. ఎంత కావాలో, ఎప్పటికి కావాలో, ఎలా తిరిగొస్తుందో అందులో లేవు. ‘అయ్యో, జాగ్రత్త. హెచ్‌ఆర్‌తో మాట్లాడతాను’ అని ఆయన రిప్లై ఇస్తారు. హెచ్‌ఆర్‌కు వెళ్తే వాళ్లూ అవే ప్రశ్నలు అడుగుతారు. ఈలోపు రెండు రోజులు పోతాయి. మూడో రోజు మన వేలు అప్పు యాప్ మీదకు వెళ్తుంది.

జీతం అడ్వాన్స్ దానం కాదు. రేపు చేయబోయే పనికి ఇవాళే కొంత డబ్బు అడగడం. చాలా కంపెనీలు దీనిపై వడ్డీ తీసుకోవు. అయితే చట్టం ప్రకారం ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. అందుకే అడిగే తీరులోనే సగం పని ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క వేసి చూద్దాం.

ముందు లెక్క, తర్వాతే లెటర్

హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ బిల్లింగ్ సెక్షన్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్న కుర్రాడు అనుకోండి. జీతం 34,000. పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోను చేతికొచ్చేది 32,000. జూలై 17 రాత్రి వాళ్ల నాన్న స్కూటర్ మీద నుంచి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ 20న. హాస్పిటల్ ఇచ్చిన అంచనా 1,80,000. ఆపరేషన్‌కు ముందు లక్ష కట్టాలి. మిగతాది డిశ్చార్జ్ రోజున.

ఇక్కడ ఫోన్ తీసే ముందు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఓ పది నిమిషాలు నిలబడాలి. ‘ఈ అంచనాలో లోపల వేసే ఇంప్లాంట్ ధర కలిపారా? ఐసీయూ ఎన్ని రోజులు లెక్కేశారు? మందులు ఇందులోనేనా, విడిగానా?’ అని అడిగి, హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. ఎందుకంటే కంపెనీని ఒకసారి అడగడం తేలికే. వారం తిరక్కుండా ‘ఇంకో ముప్పై వేలు’ అని రెండోసారి అడిగితే మాత్రం మొదటి లెటర్ మీద ఉన్న నమ్మకం కూడా పోతుంది.

ఆ తర్వాత, హెచ్‌ఆర్ ఎలాగూ అడిగే మూడు ప్రశ్నలకు మనమే ముందు సమాధానం వెతుక్కోవాలి. ఈఎస్ఐ ఉందా? నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఉంటుంది, మనమీద ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. మన కుర్రాడి జీతం ఆ గీత దాటింది కాబట్టి లేదు. కంపెనీ ఇన్సూరెన్స్‌లో నాన్న పేరుందా? చాలాచోట్ల భార్య, పిల్లల వరకే ఉంటుంది. ఇతని పాలసీ కూడా అంతే. మూడోది ఆరోగ్యశ్రీ. తెలంగాణలో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా వర్తిస్తుంది. కానీ చేర్చిన హాస్పిటల్ ఆ జాబితాలో ఉండాలి, మనకు అర్హత ఉండాలి. హాస్పిటల్‌లో ఉండే ఆరోగ్యమిత్రను ఒక్కసారి అడిగితే తేలిపోతుంది. వీళ్ల కేసులో ఆ హాస్పిటల్ జాబితాలో లేదు. ఈ మూడూ అడక్కుండా కంపెనీకి లెటర్ పెడితే, ‘ముందు అవి చూసుకుని రా’ అన్న రిప్లై వస్తుంది. తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు ఇంట్లో ఉన్న డబ్బు. నాన్న దాచుకున్నవి 70,000. బావ ఇస్తానన్నవి 46,000. మొత్తం 1,16,000. ఆపరేషన్‌కు ముందు కట్టాల్సిన లక్షకు ఇబ్బంది లేదు. మొత్తం బిల్లుకు తక్కువ పడేది 64,000. డిశ్చార్జ్ 25న అంటున్నారు. అంటే కంపెనీ నుంచి కావాల్సింది 64,000, అదీ 24వ తేదీలోపు.

చూశారా, ‘చాలా అర్జెంట్’ అన్న మాట ఇప్పుడు ‘24లోపు 64 వేలు’గా మారింది. అకౌంట్స్ వాళ్లకు అర్థమయ్యే భాష ఇదే. పైగా 64,000 అంటే సరిగ్గా రెండు నెలల జీతం. ఒక మేనేజర్ తన పై అధికారిని ఒప్పించగలిగిన అంకె. మొత్తం 1,80,000 అడిగి ఉంటే ఐదున్నర నెలల జీతం పైమాటే అయ్యేది. అక్కడే ఆగిపోయేది.

నాలుగు నెలల్లో తీర్చేస్తా అనకండి

అడిగే చోట మొహమాటం ఎక్కువ కదా. దాంతో తిరిగి కట్టే విషయంలో గొప్పలు చెప్పేస్తాం. ‘నాలుగు నెలల్లో కట్ చేసేసుకోండి సార్’ అంటాం. అంటే నెలకు 16,000. మాట వినడానికి నిజాయతీగానే ఉంటుంది. కానీ ఖర్చుల చిట్టా పక్కన పెట్టి చూడండి.

ఈ కుర్రాడికి రూమ్ అద్దె, తిండి కలిపి 11,500. బైక్ ఈఎంఐ 3,300. పెట్రోల్, ఫోన్ 2,700. ఇప్పుడు కొత్తగా వచ్చి చేరేది నాన్న మందులు, ఫిజియోథెరపీ, దానికి 5,000. మొత్తం 22,500. చేతికొచ్చే 32,000లో 16,000 కోత పడితే మిగిలేది 16,000. అంటే ప్రతి నెలా 6,500 తక్కువ. మొదటి నెల ఫ్రెండ్ దగ్గర తీసుకుంటాడు. రెండో నెల క్రెడిట్ కార్డు గీకుతాడు. మూడో నెల మళ్లీ హెచ్‌ఆర్ ముందు నిలబడి ‘ఈ నెల కట్ చేయొద్దు మేడమ్’ అంటాడు. ఇచ్చిన మాట తప్పినట్టే అవుతుంది.

చట్టం వైపు నుంచి కూడా ఇక్కడో అడ్డుగోడ ఉంది. వేతనాల కోడ్, 2019 ప్రకారం ఒక నెల జీతంలోంచి పట్టుకునే కోతలన్నీ కలిపి వేతనంలో సగం దాటకూడదు. పీఎఫ్ లాంటివి కూడా ఆ కోతల్లోకే వస్తాయి. 34,000లో సగం, ఎలా లెక్కేసినా, 17,000 మించదు. ఇప్పటికే 2,000 పోతోంది. దానికి 16,000 కలిపితే 18,000. అంటే మనం ఒప్పుకున్నా సరే, అది గీత దాటిన కోతే.

సరైన వాయిదా ఎంత? జీతం 32,000లోంచి ఖర్చులు 22,500 తీసేస్తే 9,500 మిగులుతుంది. అందులో మొత్తం రాసిచ్చేయకూడదు. నెలకో పంచరో, జ్వరమో వస్తూనే ఉంటాయి. 1,500 పక్కనపెట్టి 8,000 చెప్పాలి. 64,000ను 8,000తో భాగిస్తే ఎనిమిది నెలలు. నాలుగు నెలల మాట కన్నా ఇది చూడ్డానికి పొడవుగానే ఉంటుంది. కానీ ఎనిమిది నెలలూ తప్పకుండా నడుస్తుంది. అకౌంట్స్ వాళ్లకు కావాల్సింది అదే.

మరి మొదటి వాయిదా ఎప్పుడు? చాలామంది ఇక్కడ చూసుకోరు. సెలవులు జూలై 18 నుంచి 25 వరకు. ఆదివారం పోను ఏడు పనిదినాలు. ఖాతాలో ఉన్న సెలవులు నాలుగే. మిగతా మూడు రోజులు లాస్ ఆఫ్ పే. రోజుకు దాదాపు 1,100 చొప్పున జూలై జీతంలో సుమారు 3,300 అప్పటికే తగ్గుతుంది. అదే నెలలో 8,000 వాయిదా కూడా పడితే అద్దె కట్టడమే కష్టం. అందుకే ‘ఆగస్టు జీతం నుంచి’ అని రాయాలి. ఆగస్టు నుంచి మార్చి వరకు ఎనిమిది నెలలు. బాకీ తీరిపోతుంది.

ముందు ఫోన్, వెంటనే మెయిల్

మొదట చెప్పాల్సింది మన పైన ఉన్న మేనేజర్‌కే. ఆయన్ని దాటి నేరుగా హెచ్‌ఆర్‌కు మెయిల్ వెళ్తే, రేపు ఆయన్ని అభిప్రాయం అడిగినప్పుడు ‘నాకు తెలీదే’ అంటారు. ఫోన్‌లో రెండు నిమిషాలు చాలు. ‘సార్, నాన్నకు 20న ఆపరేషన్. 64 వేలు అడ్వాన్స్ కావాలి, ఎనిమిది నెలల్లో కట్ అయ్యేలా రాస్తున్నాను. మీకూ, హెచ్‌ఆర్‌కూ ఇప్పుడే మెయిల్ పెడతాను’ అంటే సరిపోతుంది. గంటలోపు మెయిల్ వెళ్లాలి. చాలా కంపెనీల్లో నెల మూడో వారం దాటాక జీతాల పట్టీ మూసేస్తారు. ఆ తేదీ ఎప్పుడో అకౌంట్స్‌లో ఉన్న ఫ్రెండ్‌ని అడిగితే చెప్తారు. అది దాటకముందే మన కాగితం వాళ్ల టేబుల్ మీద ఉండాలి.

వాట్సాప్‌లో పొడుగాటి వాయిస్ నోట్ వద్దు. దాన్ని మేనేజర్ పైకి పంపలేరు. మెయిల్ అయితే ఒక్క నొక్కుతో ఫార్వర్డ్ చేస్తారు. ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే ఇదే వరుసలో రాయండి. వరుస ముఖ్యం.

విషయం: తండ్రి ఆపరేషన్ కోసం రూ.64,000 జీతం అడ్వాన్స్ అభ్యర్థన – జూలై 24 లోపు

గౌరవనీయులైన మేడమ్‌కు,

నేను బిల్లింగ్ సెక్షన్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. మా నాన్నగారికి నిన్న రాత్రి ప్రమాదంలో తుంటి ఎముక విరిగింది. 20న ఆపరేషన్, 25న డిశ్చార్జ్ అని డాక్టర్లు చెప్పారు.

హాస్పిటల్ అంచనా రూ.1,80,000. కుటుంబం నుంచి రూ.1,16,000 సమకూర్చుకున్నాం. ఇంకా రూ.64,000 తక్కువ పడుతోంది. కంపెనీ ఇన్సూరెన్స్‌లో నాన్నగారు లేరు. నాకు ఈఎస్ఐ వర్తించదు. ఈ హాస్పిటల్‌లో ఆరోగ్యశ్రీ లేదు. అందువల్ల రూ.64,000 జీతం అడ్వాన్స్‌గా ఇప్పించమని కోరుతున్నాను. వీలైతే ఆ మొత్తాన్ని నేరుగా హాస్పిటల్ ఖాతాకే పంపవచ్చు.

ఆగస్టు జీతం నుంచి మార్చి జీతం వరకు, నెలకు రూ.8,000 చొప్పున ఎనిమిది వాయిదాల్లో నా జీతం నుంచి మినహాయించుకోవడానికి అంగీకరిస్తున్నాను. ఈలోపు ఏ కారణంతోనైనా ఉద్యోగం మానాల్సి వస్తే, మిగిలిన బాకీని ఫైనల్ సెటిల్‌మెంట్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. అప్పటికీ మిగిలితే నేను చెల్లిస్తాను.

జూలై 18 నుంచి 25 వరకు సెలవు కోరుతున్నాను. 17 వరకు వచ్చిన లారీ రసీదులన్నీ ఎంట్రీ పూర్తయ్యాయి. పెండింగ్‌లో ఉన్న 11 బిల్లుల వివరాలు నా సహోద్యోగికి అప్పగించాను. రోజూ సాయంత్రం 6 నుంచి 7 వరకు ఫోన్‌లో అందుబాటులో ఉంటాను. 26న డ్యూటీలో చేరి, నెలాఖరు బిల్లింగ్ నేనే పూర్తి చేస్తాను.

హాస్పిటల్ అంచనా పత్రం, అడ్మిషన్ స్లిప్ జతచేశాను. మొత్తం ఇవ్వడం వీలుకాకపోతే ఎంతవరకు సాధ్యమో 21వ తేదీలోపు తెలియజేస్తే, మిగతాదానికి వేరే ఏర్పాటు చేసుకుంటాను.

ఇట్లు, పేరు, ఉద్యోగి నంబర్, ఫోన్ నంబర్.

ఇందులో ఏడుపు లేదు, పొగడ్త లేదు. గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. డబ్బు నేరుగా హాస్పిటల్‌కే పంపమనడం వల్ల ‘నిజంగా అందుకేనా’ అన్న అనుమానం నోరు తెరవకముందే పోతుంది. చివరి పేరా తలుపు సగం తెరిచి ఉంచుతుంది. 64,000 ఇవ్వలేనివాళ్లు 32,000 అయినా ఇవ్వగలరు. అది అడిగితేనే బయటికొస్తుంది. అలాగే 21 అని తేదీ పెట్టడం వల్ల ‘చూస్తాం’ అన్న జవాబు వచ్చినా, 21న మళ్లీ ఫోన్ చేయడానికి మనకు మొహమాటం ఉండదు. కాదంటే ఇంకా నాలుగు రోజుల టైమ్ మన చేతిలో ఉంటుంది. పీఎఫ్‌లోంచి వైద్యం కోసం తీసుకోవడం లాంటి దారులు అప్పుడు చూసుకోవచ్చు. అందులోంచి తీసిన డబ్బు తిరిగి కట్టక్కర్లేదు కూడా.

జతచేసే కాగితాలు రెండే చాలు. నాన్న కేస్ షీట్, ఎక్స్‌రేలు, పాత జబ్బుల రిపోర్టులు ఆఫీసుకు అక్కర్లేదు. అవి ఆయన సొంత విషయాలు.

‘ఉద్యోగం మానను’ అని రాయాలా?

కంపెనీ భయం ఒక్కటే. డబ్బు తీసుకున్నాక మనిషి కనబడకుండా పోతాడేమో అని. ఆ భయానికి జవాబుగా కొందరు ‘రెండేళ్లు ఎక్కడికీ వెళ్లను’ అని రాసిచ్చేస్తారు. అది వద్దు. రేపు నాన్న కోలుకోవడానికి ఊళ్లోనే ఉండాల్సి రావచ్చు. అంత పెద్ద మాట మనం నిలబెట్టుకోలేం, వాళ్లూ నమ్మరు. పై లెటర్‌లో చూడండి, ‘మానను’ అని లేదు. మానితే బాకీ ఎలా తీరుతుందో ఉంది. నాలుగు వాయిదాలు కట్టాక మానేశాడనుకోండి, మిగిలేది 32,000. ఆఖరి నెల జీతం, మిగిలిన సెలవుల డబ్బు కలిస్తే దాదాపు సరిపోతుంది. ఈ లెక్క వాళ్లకు ధైర్యం ఇస్తుంది.

పని సాగుతుందన్న భరోసా కూడా అంతే. ‘కష్టపడి పనిచేస్తాను’ అంటే ఎవరికీ ఉపయోగం లేదు. పెండింగ్ బిల్లులు 11 అని, అవి ఎవరి దగ్గర ఉన్నాయో, నెలాఖరు బిల్లింగ్ ఎవరు చేస్తారో చెప్తే మేనేజర్‌కు ఆ రాత్రి నిద్ర పడుతుంది. ఒక్క జాగ్రత్త. రోజంతా అందుబాటులో ఉంటానని రాయొద్దు. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని ఎవరూ బిల్లులు చూడలేరు. సాయంత్రం ఒక గంట చెప్పి, ఆ గంట తప్పకుండా ఫోన్ ఎత్తితే చాలు.

కొన్నిచోట్ల అడ్వాన్స్ ఇస్తూ ఖాళీ చెక్కు మీద సంతకం అడుగుతారు, లేదా ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టమంటారు. కంగారులో ఇచ్చేయకండి. మనం సంతకం చేసిన చెక్కు బౌన్స్ అయితే అది క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. ‘మేడమ్, జీతంలోంచి కోతకు రాతపూర్వకంగా ఒప్పుకున్నాను కదా, అదే హామీ’ అని నెమ్మదిగా చెప్పండి. ఇంకా కావాలంటే, వాయిదాల తేదీలు, మొత్తాలు రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టి చెరో కాపీ ఉంచుకోవచ్చు.

డబ్బు వచ్చాక

మంజూరు మెయిల్ వస్తే అందులో ‘అడ్వాన్స్’ అని ఉందో, ‘లోన్’ అని ఉందో చూడండి. రెండూ ఒకటి కాదు. అడ్వాన్స్ అంటే ముందుగా ఇచ్చిన జీతం. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో అది తీసుకున్న ఏడాది జీతం కిందకే వస్తుంది. లోన్ అలా రాదు, కానీ దానికి వడ్డీ ఉండొచ్చు. మన కుర్రాడి జీతానికి ట్యాక్స్ పడదు. పైగా జూలైలో తీసుకుని మార్చిలోపే తీర్చేస్తున్నాడు కాబట్టి ఆ ఏడాది లెక్క ఆ ఏడాదిలోనే సరిపోతుంది. జీతం ఎక్కువున్నవాళ్లు మాత్రం ఫిబ్రవరి, మార్చిల్లో అడ్వాన్స్ తీసుకుంటే ఆ నెల టీడీఎస్ పెరగొచ్చు. అకౌంట్స్‌ని అడిగి తెలుసుకోవడం మంచిది.

డిశ్చార్జ్ అయ్యాక ఫైనల్ బిల్లు కాపీని హెచ్‌ఆర్‌కు పంపండి. వాళ్లు అడక్కపోయినా సరే. బిల్లు 1,80,000 కన్నా తక్కువ వచ్చిందా? మిగిలిన డబ్బు చేతిలో ఉంచుకోకుండా ఆ మొత్తం వెనక్కి కట్టేసి, ఆ మేరకు చివరి వాయిదా తగ్గించమనండి.

ఇక ప్రతి నెలా పే స్లిప్ డౌన్‌లోడ్ చేసి చూడాలి. ఆగస్టు స్లిప్‌లో కోతల కింద అడ్వాన్స్ 8,000 అని కనిపించాలి, అంతకన్నా పైసా ఎక్కువ ఉండకూడదు. కొత్తగా వచ్చిన అకౌంటెంట్ 16,000 కట్ చేయడం, లేదా ఒక నెల కోయడం మర్చిపోయి మరుసటి నెల రెండూ కలిపి లాగేయడం మామూలే. మర్చిపోయిన నెలలో మనమే మెయిల్ పెట్టి ‘ఈ నెల వాయిదా పడలేదు’ అని చెప్పాలి. ఆ 8,000 ఖర్చుపెట్టకుండా పక్కనుంచాలి. మార్చి కోత పూర్తయ్యాక ‘అడ్వాన్స్ మొత్తం తీరింది, బాకీ సున్నా’ అని అకౌంట్స్ నుంచి ఒక్క లైన్ మెయిల్ తెప్పించుకోండి. ఉద్యోగం మారే రోజున ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితంలో పాత 8,000 ఎక్కడో తేలితే, చూపించడానికి ఆ ఒక్క లైనే ఉంటుంది.